నోటికి అక్కర్లేని భూతకాలం

నా అసలు పేరు మా కాలేజీలో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పిల్లలందరికీ నేను తోకల మేడమ్‌ని. ఎదురుగా అనరు, మెట్ల మలుపు తిరిగాక అంటారు. నాకు వినపడదనుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా వినపడుతూనే ఉంది. పైకి కళ్ళెర్ర చేసినా లోపల మురిసిపోయేదాన్ని, ఎందుకంటే ఆ పేరు నాకు కాదు, నా పద్ధతికి పెట్టారు.

నేను చెప్పేది ఫ్రెంచి. మా దగ్గర ఆ భాష తీసుకునే పిల్లల్లో నూటికి తొంభై మంది దాని మీద మోజుతో తీసుకోరు, మార్కులు తేలిగ్గా పడతాయని తీసుకుంటారు. నాకూ అభ్యంతరం లేదు. పరీక్షలో ఏటా పది మార్కుల ప్రశ్న ఒకటి తప్పకుండా వస్తుంది. ఏ నవల్లోంచో, ఏ రాకుమారి కథలోంచో ఒక పేరా ఇస్తారు. అందులో ‘పాసే సింప్ల్’లో ఉన్న పది క్రియలు గుర్తుపట్టి, ఒక్కోదానికి మూలరూపం రాయాలి. అంతే. కథ అర్థమైందా లేదా అని ఎవరూ అడగరు.

పాసే సింప్ల్ అంటే బెదిరిపోయే పిల్లలకి మొదటి రోజున ఒకటే చెప్పేదాన్ని.

“మన పాత కథల పుస్తకాల్లో ‘రాజు వేటకు వెళ్ళెను, పులిని చూచెను’ అని ఉంటుంది కదా. మీ ఇంట్లో ఎవరైనా ‘నాన్న ఆఫీసుకు వెళ్ళెను’ అంటారా?”

క్లాసంతా నవ్వేది.

“ఫ్రెంచివాళ్ళకీ అంతే. జరిగిపోయింది చెప్పడానికి నోటికో భూతకాలం ఉంది, పుస్తకానికో భూతకాలం ఉంది. పుస్తకానిదే ఇది. దీన్ని వాళ్ళే మాట్లాడరు, మీరెందుకు మాట్లాడటం? నోటికి అక్కర్లేదు, కంటికి చాలు. తోక పట్టుకోండి, జంతువు దొరుకుతుంది.”

తోకలంటే క్రియల చివరి అక్షరాలు. ఎక్కువ క్రియలకి ఒకరైతే -a, పలువురైతే -èrent. ఇంకో గుంపుకి -it, -irent. మరో గుంపుకి -ut, -urent. వీటికి లొంగని మొండిఘటాలు కొన్ని ఉన్నాయి. fut అంటే ‘ఉండెను’, fit అంటే ‘చేసెను’. ఈ రెంటినీ కలిపేసుకుని ఏటా అరడజను మంది మార్కు పోగొట్టుకుంటారు. అలాంటివి ఓ ముప్పై ఏరి అట్ట మీద రాసి గోడకి తగిలించాను. నా పిల్లలెవరూ ఆ ప్రశ్నలో ఎనిమిదికి తగ్గలేదు.

సాధన కోసం ప్రతి సోమవారం ఒక కాగితం తెమ్మనేదాన్ని. లైబ్రరీలో ఫ్రెంచి కథల పుస్తకాలు మూడున్నాయి. వాటిలోంచి ఒక పేరా ఎత్తి రాయాలి, పది క్రియల కింద గీత గీయాలి, అడుగున మూలరూపాలు వరసగా రాయాలి. నలభై రెండు కాగితాలు ఇరవై నిమిషాల్లో దిద్ది పడేసేదాన్ని. గీత గీసిన మాట మీదే నా కన్ను. మిగతా వాక్యంతో నాకేం పని? పుస్తకంలోంచి ఎత్తి రాసిందే కదా.

ఆ ఏడాది క్లాసులో ఒక పిల్ల ఉండేది. దాన్ని అందరూ గడియారం అనేవారు, నేనూ అనేదాన్ని. చివరి బెంచీలో తలుపు పక్కన కూర్చునేది. పాఠం మధ్యలో పదిసార్లు గోడ గడియారం వంక చూసేది. మధ్యాహ్నం గంట కొట్టగానే పరుగెత్తి ఇంటికెళ్ళి, మళ్ళీ గంట కొట్టేలోపు ఆయాసపడుతూ వచ్చేది. ఇల్లు రెండు వీధుల అవతలే. సాయంత్రం నాలుగైతే చాలు, నా నోట్లో మాట నోట్లో ఉండగానే సంచీ భుజాన పడేది. ఎవరో కుర్రాడి వ్యవహారమేమో అనుకున్నాను. మనకి తోచే ఆలోచనలు అలాగే ఏడుస్తాయి.

దాని కాగితాలు మాత్రం ముచ్చటగా ఉండేవి. ‘అనగనగా ఒక రాణి’ అని మొదలయ్యేవి. ఏడు వారాలు వరసగా పదికి పది. నా ఎర్ర పెన్ను టిక్కు, టిక్కు, టిక్కు అని దిగిపోయేది. ఒక వారం promit అనే మాట కింద గీసి, ‘మాట ఇచ్చు’ అనే మూలరూపం సరిగ్గా రాసింది. అది గోడ మీది అట్టలో లేదు. పక్కన ఓ చుక్క కూడా పెట్టాను.

ఎనిమిదో సోమవారం తప్పు చేసింది.

మొదటి వాక్యంలోనే ‘ఆ పిల్ల తాళంచెవి తీసుకొనెను’ అనాల్సిన చోట prenda అని ఉంది. అలాంటి మాట ఫ్రెంచిలో లేదు. prit అని ఉండాలి. మొండిఘటానికి మామూలు తోక అంటించింది. ఎర్ర కొట్టు కొట్టి, ‘చూసి రాయడానికి కూడా ఒళ్ళు బరువా?’ అని రాశాను. మిగతా తొమ్మిదీ సరిగ్గానే ఉన్నాయి. చివరిదైతే కష్టమైన క్రియ, దాన్ని తప్పు లేకుండా పట్టుకుంది. అక్కడ ఫ్రెంచిలో ‘శభాష్’ అని రాశాను. పదికి తొమ్మిది.

ఆరోజు చివరి పీరియడ్ నాదే. నాలుగు గంటలు కొట్టారు. గడియారం లేచింది.

“నువ్వాగు,” అన్నాను. “పుస్తకం ఎదురుగా పెట్టుకుని తప్పు రాసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. ఆ గుంపు క్రియలు మూడూ, తీసుకొనెను, నేర్చుకొనెను, అర్థం చేసుకొనెను, ఒక్కోటి యాభైసార్లు రాసి వెళ్ళు.”

దాని మొహం పాలిపోయింది.

“మేడమ్, రేపు వందసార్లు రాసుకొస్తా మేడమ్. ఇవాళ వెళ్ళాలి.”

“రోజూ వెళ్ళాలిగా నీకు. ఇవాళొక్కరోజు గడియారం ఆగితే కొంప మునగదు.”

ఈ మాట నేనే అన్నాను. నా నోటితోనే అన్నాను. అన్నాక క్లాసులో మిగిలినవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పిల్ల కూర్చుని రాయడం మొదలుపెట్టింది. నేను తీరిగ్గా టీ తాగుతూ ఎదురుగా కూర్చున్నాను. పెన్ను వేగానికి కాగితం చిరిగింది కూడా. ఐదుకి రెండు నిమిషాలుండగా తెచ్చి బల్ల మీద పెట్టి, సెలవు కూడా అడక్కుండా పరుగెత్తింది. పొగరు అనుకున్నాను.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వాళ్ళింట్లో ఏదో ప్రమాదం జరిగిందట అని పిల్లలు గుసగుసలాడుకున్నారు. అయ్యో అనుకుని పాఠంలో పడిపోయాను.

తరవాతి సోమవారం పొద్దున్న ఆఫీసు గుమాస్తా ఒక ఫారం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.

“మేడమ్, మీ గడియారం కాలేజీ మానేస్తోంది. వాళ్ళ నాన్న, మేనమామ వచ్చి ఆఫీసులో కూర్చున్నారు. ఆ పిల్లనీ తెచ్చారు. టీసీ ఇచ్చేయమంటున్నారు. ఈ కాగితం మీద లైబ్రరీ సంతకం, మీ సంతకం కావాలి.”

“ఎందుకు మానేయడం?”

గుమాస్తా గొంతు తగ్గించాడు. “తల్లిని ఇంట్లో పెట్టి బయట తాళం వేసుకు తిరుగుతోందట మేడమ్. మొన్న సోమవారం పొయ్యి మీంచి బట్టలంటుకున్నాయి. లోపలామె అరిచినా తలుపు తీసే దిక్కులేదు. పక్కింటివాళ్ళు తాళం పగలగొట్టేసరికి చేతులు కాలిపోయాయి. ప్రాణానికి ఫర్వాలేదట, ఆసుపత్రిలో ఉంది. ఇలాంటి పిల్లని కన్నతల్లి దగ్గర ఉంచనని మేనమామ కూర్చున్నాడు. వాళ్ళ ఊరు తీసుకుపోతాడట. చదువు గిదువు ఏం లేదంటున్నాడు.”

“ఎన్నింటికి అంటుకున్నాయి?” అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

“నాలుగున్నరకట.”

నా కాళ్ళు లైబ్రరీ వైపు నడిచాయి, నేను నడవలేదు. లైబ్రేరియన్ నాకు ఇరవై ఏళ్ళ స్నేహితురాలు. ఫారం తీసుకుని రిజిస్టర్ తిరగేసింది. సంతకం పెట్టేస్తూ, “ఈ పిల్ల బాకీ ఏమీ లేదు. అసలు ఒక్క పుస్తకమూ తీసుకోలేదు,” అంది.

“తీసుకోకపోవడమేమిటి? ఫ్రెంచి కథల పుస్తకాలు ఇక్కడే కూర్చుని చూసి రాసుకుని ఉంటుంది.”

“ఏ వేళప్పుడు? మధ్యాహ్నం ఇంటికి పరుగు, సాయంత్రం ఇంటికి పరుగు. ఈ గడప తొక్కలేదు. ఇంకో మాట చెప్పనా? ఆ మూడు పుస్తకాల్లో రెండు ఆర్నెల్లుగా బైండింగుకి పోయాయి. మూడోదాన్ని నలభై మంది కొట్టుకుంటుంటారు.”

నా దగ్గర ఎనిమిది కాగితాలున్నాయి. చూసి రాసినవి కాకపోతే ఎక్కడివి?

అప్పుడు తట్టింది. prenda. ఏ పుస్తకంలోనూ అచ్చుకాని మాట అది. చూసి రాసేవాళ్ళు అక్షరం మింగుతారు, గీత మర్చిపోతారు. లేని మాటని పుట్టించరు. సొంతంగా రాసేవాళ్ళే ఆ తప్పు చేస్తారు. ఇరవై రెండేళ్ళ అనుభవమున్న నాకు ఆ మాట చూసిన క్షణానే తెలియాలి. తెలియలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, నాకు చదువు చెప్పగా చెప్పగా పోయింది.

బీరువాలోంచి కట్ట తీసుకొచ్చి లైబ్రరీ బల్ల మీద పరిచాను. మొదటిసారిగా చదివాను. తోకలు కాదు, వాక్యాలు.

అనగనగా ఒక రాణి. రాణి తల్లి చనిపోయింది. రాజు దూరదేశానికి పని మీద వెళ్ళాడు. రాణి పడుకుంది, ఇక లేవలేదు. ఇది మొదటి వారం.

రెండో వారం, కూతురు పొయ్యి వెలిగించింది, అన్నం వండింది, రాణి జుట్టు దువ్వింది. రాణి ఆ పిల్లని గుర్తుపట్టనట్టు చూసింది. మూడో వారం, రాజు రెండురోజులుండి వెళ్ళాడు. ఎవరితోనూ చెప్పొద్దన్నాడు. కూతురు మాట ఇచ్చింది. నేను మెచ్చుకుని చుక్క పెట్టిన promit ఇదే. నాలుగో వారం, రాణి మేడ మీది గోడ ఎక్కింది. కూతురు పరుగెత్తింది, కాళ్ళు పట్టుకుంది. ఐదో వారం, కూతురు కత్తులు దాచింది, మందుల సీసాలు దాచింది. ఆరో వారం, బయటికి వెళ్ళేటప్పుడు తలుపు మూసి తాళం వేసింది. ఏడో వారం, రాణి లోపలినుంచి తలుపు బాదింది. కూతురు విన్నది. విని వెళ్ళిపోయింది.

ఒక్కో మాట పక్కనా నా ఎర్ర టిక్కు. ‘దాచెను’ టిక్కు. ‘మూసెను’ టిక్కు. ‘బాదెను’ టిక్కు. కింద పదికి పది, సున్నా లోపల రెండు చుక్కలు పెట్టి నవ్వే మొహం. అది నాకు అలవాటు.

ఏనుగెళ్ళి తోక చిక్కిందని సామెత. నాకు ఏనుగు ఎదురుగా వారం వారం నిలబడింది, నేను తోక కొలిచి పంపించేశాను. ఎనిమిదో కాగితం చివరిదాకా చదివి, దాన్ని మడిచి చీర కుచ్చెళ్ళ దగ్గర దోపుకున్నాను. ఆ ఒక్కటీ ఎవరికీ చూపించకూడదనుకున్నాను. నిజం చెప్పి ఏం లాభం, సంతకం పెట్టేసి ఊరుకుందామని కూడా అనుకున్నాను. ఆ పిల్ల చెప్పదు. ఫ్రెంచి వచ్చినవాళ్ళు ఆ భవనంలో ఇంకెవరూ లేరు.

ఆఫీసు గదిలో ముగ్గురూ మూడు కుర్చీల్లో ఉన్నారు. తండ్రి ఎండకి కమిలిన మనిషి, ఎక్కడో వంతెనలు కట్టే చోట మేస్త్రీ అట, మూడు నెలలకోసారి వస్తాడట. తల దించుకుని చెప్పుల వంక చూస్తున్నాడు. మేనమామ పక్క ఊరినుంచి వచ్చాడు, నిప్పులు కక్కుతున్నాడు. పిల్ల గోడ వైపు చూస్తోంది. అలవాటు కొద్దీ అక్కడి గడియారం వైపే.

“సంతకం పెట్టండి మేడమ్, బస్సుంది,” అన్నాడు మేనమామ.

“ఒక్క నిమిషం. ఈ అమ్మాయి ఎందుకు తాళం వేసిందో మీకు తెలుసా?”

“తెలియకేం? షికార్లకి. నాలుగుకి వదిలితే ఐదు దాటాక ఇంటికొచ్చింది ఆరోజు. ఎక్కడున్నావే అంటే నోరు విప్పదు. మా అక్క లోపల కాలిపోతుంటే ఇది ఊరేగుతోంది.”

తండ్రి తలైనా ఎత్తకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆయనకి తెలుసు. తాళం ఎందుకో తెలుసు, భార్య సంగతి తెలుసు, బావమరిది దగ్గర దాచాడు. ఇప్పుడు కూతురి మీద నింద పడుతుంటే చెప్పులు లెక్కపెట్టుకుంటున్నాడు. అంతలోనే సిగ్గేసింది. కుచ్చెళ్ళలో కాగితం దోపుకుని వచ్చిన నేను ఆయన్ని అనేదేమిటి?

“ఎక్కడా తిరగలేదు,” అన్నాను. “నా దగ్గరుంది. నాలుగునుంచి ఐదుదాకా నా ఎదురుగా కూర్చుని రాసింది. వెళ్ళాలి మేడమ్ అని బతిమాలింది. నేనే ఆపాను.”

మేనమామ నా వైపు తిరిగాడు. “మీరా? ఎందుకు?”

“ఒక మాట తప్పు రాసిందని.”

నేను మొదటి ఏడు కాగితాలు బల్ల మీద పెట్టాను.

“ఇవి మీ అమ్మాయి రాసినవి. ఫ్రెంచిలో ఉన్నాయి. నేను తెలుగులో చదువుతాను, వినండి.”

“మేడమ్, వద్దు,” అంది పిల్ల. వారం రోజుల్లో అదే మొదటి మాటేమో, గొంతు బొంగురుపోయి ఉంది.

నేను చదివాను. “అనగనగా ఒక రాణి యుండెను. రాజు దూరదేశమునకు వెళ్ళెను. రాణి శయనించెను. మరల లేవకుండెను...” నోట్లోంచి అలాగే వచ్చింది. పుస్తకం భాషలో చెబితే నాకూ కాస్త దూరంగా ఉన్నట్టుంది.

“ఏమిటండీ ఈ పురాణం?” అని మేనమామ విసుక్కున్నాడు. “బస్సు టైమైపోతుంటే! మామూలుగా చెప్పండి.”

మామూలుగా చెప్పడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నోటికి అక్కర్లేదన్నదాన్ని నోటికి తేవాలి.

“మీ అక్క పడుకుంది, లేవలేదు,” అన్నాను. “మీ అమ్మగారు పోయినప్పటినుంచి. ఈ పిల్ల వంట చేసింది, తల్లికి తల దువ్వింది. ఒకరోజు మీ అక్క మేడ పిట్టగోడ ఎక్కింది. ఇది పరుగెత్తుకెళ్ళి కాళ్ళు పట్టుకుంది. తర్వాత ఇంట్లో కత్తులు దాచింది. మందులు దాచింది. కాలేజీకి వచ్చేటప్పుడు తాళం వేసింది. లోపలినుంచి వాళ్ళమ్మ తలుపు బాదుతుంటే వింటూ వచ్చింది. మధ్యాహ్నం పరుగెత్తి అన్నం పెట్టి వచ్చింది. సాయంత్రం ఒక్క నిమిషం ఆగేది కాదు. మేమందరం గడియారం అని నవ్వేవాళ్ళం.”

మేనమామ ముందుకు వంగి కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క అక్షరమూ తెలియదు ఆయనకి, అయినా వేలు పెట్టి ఒక్కో వరసా చూశాడు.

“బావా,” అన్నాడు మెల్లిగా. “నిజమేనా?”

“నేనే ఎవరికీ చెప్పొద్దన్నా,” అన్నాడు తండ్రి. “పిచ్చిదంటారని. దాని పెళ్ళికి అడ్డమని. నువ్వు తిడతావని కూడా.”

“తిట్టేవాణ్ణే! తిట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి కదయ్యా!” మేనమామ పిల్ల వైపు తిరిగాడు. “నువ్వైనా ఒక ఫోను చేయకూడదే? ఈ మేడమ్‌కి రాసినదానివి నాకు చెప్పకూడదూ?”

“నాన్నకి మాటిచ్చాను మావయ్యా, ఎవరితోనూ చెప్పనని.” పిల్ల నా వంక చూడకుండానే చెప్పింది. “ఇది చెప్పడం కాదుగా. ఇది ఎవరూ మాట్లాడేది కాదని మేడమే అన్నారు. నోటికి అక్కర్లేదు, కంటికి చాలన్నారు. మామూలు భూతకాలంలో రాస్తే నేను చెప్పినట్టే ఉండేది. ఇందులో రాస్తే కథలా ఉంది. ఎవరో రాణి. నాకు కాస్త ఊపిరాడేది. మేడమ్ కంటికి కనపడితే...” ఆగిపోయింది. “కనపడితే మాట తప్పినట్టు కాదనుకున్నా.”

ఎంత జాగ్రత్తగా ఆలోచించుకుందో చూడండి. నలభై రెండు మందికి ఆ పాఠం చెప్పాను. అది దేనికి పనికొస్తుందో నిజంగా తెలుసుకున్నది అదొక్కతే. మిగతావాళ్ళకి నేను నేర్పింది మార్కులు, నాకు నేను నేర్పుకున్నది గుడ్డితనం. ఇరవై రెండేళ్ళలో ఇంకెన్ని కాగితాలు ఇలా టిక్కులు కొట్టి బీరువాలో పడేశానో.

తండ్రి లేచాడు. బల్ల మీదున్న టీసీ ఫారం తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. చింపలేదు. ఇంకా ఏదీ తేల్చుకోలేదని అర్థమైంది. మేనమామ పిల్ల పక్క కుర్చీలోకి మారి కూర్చున్నాడు, కాని ముట్టుకోలేదు. పిల్ల గోడ గడియారం వంక చూడటం మానలేదు. ఆసుపత్రిలో తల్లిని చూడనిచ్చే వేళ పదకొండున్నర అని తర్వాత తెలిసింది.

“ఎన్ని కాగితాలు రాసిందండీ మొత్తం?” అని తండ్రి అడిగాడు.

“ఏడు” అనబోయాను. నాలుక చివరదాకా వచ్చింది. పిల్ల అప్పుడు మొదటిసారి తిరిగి నా కళ్ళలోకి చూసింది. దానికి తెలుసు ఎన్నో. అడగలేదు, కోపంగానూ చూడలేదు. ఊరికే చూసింది, నేనేం చెబుతానా అని.

“ఎనిమిది,” అన్నాను. కుచ్చెళ్ళలోంచి కాగితం తీసి మడత విప్పాను.

“ఇది ఆ సోమవారం ఇచ్చింది. ‘ఆ పిల్ల తాళంచెవి తీసుకుంది’ అని మొదలవుతుంది. తప్పు రాసింది ఈ మాటే. దీనికే ఆపాను.”

“తర్వాత?”

“ఆ పిల్లకి భయమేసింది. తాళంచెవి మెళ్ళో కట్టుకుంది. సాయం చేసేవాళ్ళ కోసం వెతికింది. మాట ఇచ్చాను కదా అని నోరు మూసుకుంది.” నీళ్ళు తాగాను.

“చివర్నేముందండీ?” తండ్రి దగ్గరికొచ్చి నిలబడి కాగితంలోకి చూస్తున్నాడు. అడుగున నా ఎర్ర సిరా అందరికీ కనపడుతోంది.

“‘ఆమె అంతా రాసింది. ఎవరూ చదవలేదు.’”

ఆయన lut అనే మాట మీద వేలు పెట్టాడు. ‘చదివెను’. మూడక్షరాల మాట, నా అట్టలో ఉన్న మొండిఘటాల్లో ఒకటి. దాని కింద పిల్ల గీసిన గీత, పక్కన నా చేతిరాత.

“ఈ ఎర్రది మీరు రాసిందేనా? ఏం రాశారు?”

“శభాష్ అని,” అన్నాను.